సవరణ: టీవీ, మానిటర్ ఇన్‌పుట్ ల్యాగ్ పోలిక

“ఒకే కన్సోల్‌కు గుంటూరులోని మా ఇంటి టీవీ గేమ్ మోడ్‌లో కూడా, విజయవాడ మిత్రుడి మానిటర్ కంటే 17 మిల్లీసెకన్లు ఆలస్యంగా స్పందిస్తోంది” అని ఇంతకుముందు రాశాను.

ఆ పోలిక తప్పు. కొలవడానికి తీసిన సెకనుకు 240 ఫ్రేముల స్లో మోషన్ వీడియోలో ఒక్కో ఫ్రేము సుమారు 4.2 మిల్లీసెకన్లు. బటన్ పూర్తిగా దిగిన ఫ్రేము నుంచి తెర మారిన ఫ్రేము వరకు టీవీపై సగటున 26, మానిటర్‌పై 22 ఫ్రేములు వచ్చాయి. అయితే టీవీపై తెర దిగువన ఉన్న పాత్ర కదలికను, మానిటర్‌పై పై అంచున ఉన్న మెనూను చూశాను. 60 హెర్ట్జ్ తెర బొమ్మను పైనుంచి కిందికి వరుసగా గీస్తూ అడుగు చేరడానికి దాదాపు 16 మిల్లీసెకన్లు తీసుకుంటుందని, అందువల్ల కొలిచే చోటు రెండింటిలోనూ ఒకే ఎత్తులో ఉండాలని డిస్‌ప్లే పరీక్షల వివరణలు చదివాక తెలిసింది.

రెండింటిపైనా అదే మెనూను, పై అంచునే చూసి మళ్లీ కొలిస్తే టీవీకి 23, మానిటర్‌కు 22 ఫ్రేములు వచ్చాయి. బటన్ నొక్కే క్షణం గేమ్ ఫ్రేములో ఎక్కడ పడిందన్నదాన్ని బట్టే ఒక్కో కొలత 16 మిల్లీసెకన్ల వరకు మారుతుంది కాబట్టి, సగటు తీసినా ఆ ఒక్క వీడియో ఫ్రేము తేడాను నేను లెక్కలోకి తీసుకోను.

పైగా 22 ఫ్రేములంటే వచ్చే 92 మిల్లీసెకన్లలో కంట్రోలర్, కన్సోల్, గేమ్‌ల ఆలస్యం కూడా ఉంది. దాన్ని తెర ఒక్కదాని ల్యాగ్‌గా, తయారీదారు ప్రకటించే అంకెతో పోల్చకూడదు.