గ్రాంటు నివేదికలో మొదటి గడి నిల్వదే

చిన్న స్వచ్ఛంద సంస్థలు నెలనెలా దాతలకు పంపే గ్రాంటు వినియోగ నివేదికలు చాలావరకు ఒకే తీరులో ఉంటాయి. ఎడమవైపు బడ్జెట్ పద్దులు, వాటి పక్కన మంజూరైన మొత్తం, తర్వాత ఖర్చయింది, చిట్టచివర వినియోగ శాతం. చదివేవాళ్ల చూపు నేరుగా ఆ శాతం మీదికే పోతుంది. టెంప్లేటు తయారుచేసేవాళ్లు ముందుగా చేయాల్సిన పని ఆ శాతాన్ని కిందికి దించి, దాని చోట ఖర్చుకాని నిల్వను పెట్టడం. ఆ నిల్వ బ్యాంకు స్టేట్‌మెంటుతో సరిపోయిందో లేదో కూడా అదే పేజీలో కనపడాలి.

శాతాన్ని దించాలని ఇంత పట్టుదల ఎందుకో ఒక లెక్క చూస్తే తెలుస్తుంది. ఏడాదికి 12,00,000 గ్రాంటు అనుకుందాం. జీతాలకు 6,00,000, శిక్షణ శిబిరాలకు 3,00,000, సామగ్రికి 1,20,000, ప్రయాణాలకు 60,000, కార్యాలయ నిర్వహణకు 1,20,000. దాత తొలి విడతగా 6,00,000 పంపారు. ఐదో నెల ముగిసేసరికి మొత్తం 4,18,000 ఖర్చయింది. ఇందులో జీతాలు 2,50,000, శిబిరాలు 40,000, సామగ్రి 60,000, ప్రయాణాలు 18,000, నిర్వహణ 50,000.

దీన్ని మొత్తం గ్రాంటుతో పోలిస్తే సుమారు 35 శాతం. ఐదు నెలలంటే ఏడాదిలో దాదాపు 42 శాతం కాబట్టి పని వెనకబడిందని దాత అనుకుంటారు. అందిన విడతతో పోలిస్తే అదే ఖర్చు దాదాపు 70 శాతం అవుతుంది, అప్పుడు డబ్బు వేగంగా కరిగిపోతోందని కంగారు పడతారు. నిజానికి రెండు అనుమానాలూ తప్పే. పెద్ద శిబిరాలు ఆరో నెలలో మొదలవుతాయని కార్యప్రణాళికలోనే ఉంది. ఐదో నెల చివరికి శిబిరాల కోసం అనుకున్న ఖర్చు 45,000 మాత్రమే, అయింది 40,000. బడ్జెట్‌ను గుడ్డిగా పన్నెండుతో భాగించి నెలవారీ లక్ష్యం రాసుకున్న టెంప్లేటులో ఇదే పద్దు 85,000 లోటుగా కనిపిస్తుంది. అందుకే గ్రాంటు మొదలైన రోజే, ఏ నెలలో ఏ పద్దు కింద ఎంత ఖర్చవుతుందో దాతతో కలిసి ఒప్పుకుని టెంప్లేటులో రాసేయాలి. ప్రతినెలా పోలిక ఆ అంచనాతోనే ఉండాలి.

ఇక పేజీ పైన ఉండాల్సిన భాగానికి వద్దాం. అందులో తొమ్మిది గడులు చాలు. ప్రారంభ నిల్వ, ఈ నెల అందిన గ్రాంటు, బ్యాంకు వడ్డీ, ఈ నెల ఖర్చు, ముగింపు నిల్వ, సిబ్బంది దగ్గర ఉన్న అడ్వాన్సులు, ఇచ్చినా బ్యాంకులో ఇంకా చెల్లని చెక్కులు, స్టేట్‌మెంటులో ఉన్న నిల్వ, చివరగా తేడా. ఇవి స్ప్రెడ్‌షీటులో వరసగా B2 నుంచి B10 వరకు ఉన్నాయనుకుంటే కూడికలు, తీసివేతల ఫార్ములా అవసరమయ్యే గడులు రెండే.

```
B6:  =B2+B3+B4-B5
B10: =B6-B7+B8-B9
```

మన ఉదాహరణలో ఐదో నెల 2,60,000తో మొదలైంది. కొత్త విడత రాలేదు, వడ్డీ 2,000 పడింది, ఖర్చు 78,000. కాబట్టి ముగింపు నిల్వ 1,84,000. శిబిరం ఏర్పాట్ల కోసం ఒక కార్యకర్తకు ఇచ్చిన 25,000 అడ్వాన్సుకు ఇంకా బిల్లులు రాలేదు. 8,000 చెక్కు ఒకటి ఇంకా చెల్లలేదు. అంటే స్టేట్‌మెంటులో 1,67,000 ఉండాలి. ఉంటే B10లో సున్నా వస్తుంది. సున్నా రాని నివేదికను తేడా ఎక్కడుందో తేలేదాకా పంపకూడదు.

ఇక్కడ తరచూ జరిగే తప్పు ఒకటుంది. B9లో అంకెను స్టేట్‌మెంటు చూసి చేత్తో కొట్టాలి. టైపు చేసే శ్రమ ఎందుకని కొందరు దాన్ని కూడా లెడ్జరులోని ముగింపు నిల్వకు లింకు చేస్తారు. అప్పుడు అడ్వాన్సు, చెక్కుల గడులు ఖాళీగా వదిలేస్తే B10 ప్రతినెలా సున్నాయే చూపిస్తుంది, ఎందుకంటే లెడ్జరును లెడ్జరుతోనే పోలుస్తున్నాం. నెలల తరబడి ఒక్కసారి కూడా చెల్లని చెక్కు గానీ అడ్వాన్సు గానీ కనిపించకుండా తేడా సున్నా వస్తున్న నివేదికను అందుకే అనుమానించాలి. ప్రారంభ నిల్వ గడి సంగతి దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. దాన్ని గత నెల ముగింపు నిల్వకు లింకు చేసి తాళం వేయాలి. మూడో నెలలో పడిన తప్పు ఐదో నెలలో బయటపడితే మూడో నెల షీటును ముట్టుకోకూడదు. ఐదో నెల ఖర్చులోనే విడిగా సవరణ వరుస రాసి, ఏ వోచరు ఎందుకు మారిందో చెప్పాలి. పంపేసిన నివేదికను వెనక్కి వెళ్లి మార్చితే దాత దగ్గర ఒక అంకె, మన దగ్గర ఒక అంకె మిగులుతాయి. ఏడాది చివర ఆడిటరు వచ్చినప్పుడు ఈ రెండింటిలో ఏది నిజమో చెప్పగలిగేవాళ్లు ఎవరూ ఉండరు.

అడ్వాన్సుకు విడి గడి కావాలనడం చాదస్తం కాదు. ఆ 25,000ను ఇచ్చిన రోజే ఖర్చు కింద రాసేస్తే ఐదో నెల ఖర్చు 1,03,000కు పెరుగుతుంది, శాతం కూడా ముచ్చటగా కనిపిస్తుంది. ఆరో నెలలో కార్యకర్త 19,000కే బిల్లులు ఇచ్చి 6,000 తిరిగి కట్టాడనుకోండి. అప్పుడు శిబిరాల పద్దులో మైనస్ 6,000 రాయాలి. లేదంటే ఆ 6,000కు సరిపడా మరో బిల్లు వెతకాలి. ఇక్కడే మంచి సంస్థలు జారిపోతాయి. బిల్లు రాకముందే ఖర్చు రాసే అలవాటు, ఖర్చు రాశాక బిల్లు పుట్టించే అలవాటుగా మారడానికి ఎక్కువ కాలం పట్టదు. శాతం ఎక్కువుంటే మెచ్చుకునే దాతలకు కూడా ఇందులో బాధ్యత ఉంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. నెలవారీ నివేదిక గడిచిన నెల గురించి చెబుతుందని అందరూ అనుకుంటారు. దాని విలువంతా రాబోయే రెండు నెలల్లో ఉంది. మన సంస్థకు ఆరో నెలలో జీతాలు 50,000, నిర్వహణ 10,000, శిబిరానికి 90,000, సామగ్రి, ప్రయాణాలు కలిపి 15,000, మొత్తం 1,65,000 కావాలి. చేతిలో ఉన్నది 1,84,000. ఆరో నెల దాటేసరికి 19,000 మిగులుతుంది, ఏడో నెల జీతాలకు అది చాలదు. అంటే రెండో విడత ఆరో నెలాఖరుకల్లా ఖాతాలో పడాలి. ఈ ఒక్క వాక్యం ఐదో నెల నివేదికలో తేదీతో సహా ఉండాలి.

చాలామంది దాతలు ముందటి విడతలో ఫలానా శాతం ఖర్చయితేనే తర్వాతి విడత ఇస్తామని షరతు పెడతారు. మన దాత షరతు 75 శాతం అనుకుందాం. ఐదో నెల చివర 70 శాతమే ఉంది కాబట్టి విడత అడగడానికి వీల్లేదు. ఆరో నెల చివర ఖర్చు 5,83,000కు, అంటే 97 శాతానికి చేరుతుంది. అప్పుడు నివేదిక తయారై, దాత కార్యాలయంలో పరిశీలన ముగిసి, డబ్బు వచ్చేసరికి ఏడో నెల జీతాల రోజు దాటిపోతుంది. ఇక్కడ ఎవరూ తప్పు చేయలేదు, దుబారా కూడా లేదు. టెంప్లేటులో ఒక నిలువు వరుస లేకపోవడం వల్ల జీతాలు ఆగాయి.

ఆ వరుస పేరు 'ఖరారైన ఖర్చు'. ఆర్డరు ఇచ్చి, ఒప్పందం రాసుకుని, ఇంకా చెల్లించని మొత్తాలు, ఇచ్చిన అడ్వాన్సులు ఇందులో పడతాయి. శిబిరం కోసం 25,000 అడ్వాన్సు పోగా 65,000కు ఆర్డర్లు ఐదో నెలలోనే ఇచ్చారు. 4,18,000కు ఈ 90,000 కలిపితే 5,08,000, అంటే దాదాపు 85 శాతం. షరతును ఖర్చు, ఖరారైన ఖర్చు కలిపి లెక్కించేలా గ్రాంటు ఒప్పందంలోనే రాయించుకుంటే ఐదో నెలలోనే విడత అడగవచ్చు. ఖర్చుగా చూపించకుండానే నిజం చెప్పే దారి ఇది. అయితే ఖరారైనది అనిపించుకోవడానికి ఆర్డరు నంబరు, తేదీ తప్పనిసరి. 'చేద్దామనుకుంటున్నవి' ఈ వరుసలోకి రాకూడదు.

చిన్న సంస్థకు వారానికి రెండు రోజులు వచ్చే అకౌంటెంటు తప్ప ఎవరూ ఉండరని, ఇంత వివరం నెలనెలా అడగడం భారమని, మూడు నెలలకోసారి చాలని కొందరంటారు. దాత వైపు నుంచి కూడా, డజన్లకొద్దీ నివేదికలు చదివేవాళ్లకు శాతమే సులువని వాదన ఉంది. భారం నిజమే. కానీ బరువు పెరిగేది వోచర్లను మూడు నెలలు పేర్చి ఒకేసారి విప్పినప్పుడు. క్యాష్‌బుక్‌ను నెలాఖరున మూసి, పదో తేదీలోపు పంపే సంస్థకు ఏ నెలలోనూ గత నెల కంటే పాత చిక్కును విప్పాల్సిన పని ఉండదు. ఇక దాతకు సులువు కావాలంటే, B10 సున్నానా కాదా అని చూడటం కంటే సులువైన పని లేదు.

భారం గురించి నిజంగా మాట్లాడాలంటే వేరే చోట మాట్లాడాలి. నలుగురు దాతలుంటే నాలుగు ఫార్మాట్లు, నాలుగు రకాల పద్దుల పేర్లు. అదే జీతం ఒకరికి 'సిబ్బంది', ఇంకొకరికి 'కార్యక్రమ అమలు'. ఇలా ముక్కలైన నివేదికల్లో ఒకే ఖర్చు ఇద్దరి దగ్గర పడినా ఎవరికీ కనపడదు. 30,000 జీతమున్న పర్యవేక్షకుడు ఒక గ్రాంటుకు 60 శాతం, మరో గ్రాంటుకు 40 శాతం సమయం ఇస్తే నివేదికల్లో 18,000, 12,000 పడాలి. మూడో దాత ఫార్మాటులో మరో 6,000 చేరితే, ఒక్క మనిషి జీతం 36,000గా వసూలైనట్టు. చాలాసార్లు ఇది మోసం కాదు, గత ఏడాది షీటును కాపీ చేసి శాతాలు మార్చడం మర్చిపోవడమే. దొరికినప్పుడు మాత్రం ఎవరూ అలా అనుకోరు.

నిధుల విషయంలోనూ ఇంతే. అన్ని గ్రాంట్లూ ఒకే బ్యాంకు ఖాతాలో ఉన్నప్పుడు, అడ్వాన్సులు, చెల్లని చెక్కులు సర్దాక కూడా ఒక్కో దాతకు చూపిన నిల్వల మొత్తం కంటే ఖాతాలో తక్కువ ఉంటే, ఒకరి డబ్బు ఇంకొకరి పనికి వాడేశారని అర్థం. విడివిడి నివేదికలు ఎన్ని చదివినా ఈ సంగతి బయటపడదు.

అందుకే సంస్థ తన లెక్కల పద్దులతో ఒకే టెంప్లేటు తయారుచేసుకుని, దాతలందరికీ దాన్నే పంపే హక్కు అడగాలి. దాతలు ఒప్పుకోవాలి. అందులో ప్రతి దాతకు ఒక నిలువు వరుస, సంస్థ సొంత నిధికి ఒకటి, చివర మొత్తం. జీతాల మొత్తం జీతాల రిజిస్టరుతో, అడ్వాన్సులు, చెక్కులు సర్దాక నిల్వల మొత్తం బ్యాంకుతో సరిపోవాలి. ఏ దాతకైనా పక్కవాళ్ల పేర్లు చూపడం ఇష్టం లేకపోతే 'దాత 2', 'దాత 3' అని రాస్తే సరిపోతుంది, అంకెలు మాత్రం దాచకూడదు.