అధ్యక్షుల వారి 'ఇతర విషయాలు'

హనుమకొండలో మా అపార్ట్‌మెంట్ జనరల్ బాడీ మీటింగ్‌లో అధ్యక్షుల వారు చేసిన ప్రసంగం గాలికి పోకూడదన్న సదుద్దేశంతో ఇది రాస్తున్నా. ఎజెండాలో వాచ్‌మెన్ జీతం, మోటార్ రిపేరు, చివర్న 'ఇతర విషయాలు' అని ఉంది. ఆ ఇతర విషయం ఏంటంటే బిల్డింగ్ మొత్తం కూలగొట్టి కొత్తది కట్టడం.

"ఈ బిల్డింగ్ ఎప్పుడు కూలుతుందో తెల్వదు" అని ఆయన గద్గద స్వరంతో మొదలుపెట్టారు. సెల్లార్‌లో ఆయన వెనక ఉన్న పిల్లర్‌కు పెచ్చులూడి ఇనుప చువ్వ కనిపిస్తోంది, సాక్ష్యం కింద దాన్నే చూపించారు. నిట్ కూతవేటు దూరంలోనే ఉంది కదా, వాళ్లతో పిల్లర్లు పరీక్ష చేయిస్తే రిపేరుతో పోతుందో లేదో తేలుతుంది కదా సార్ అని రిటైర్డ్ లెక్చరర్ ఒకాయన అడిగితే, అనవసర ఖర్చు అన్నారు. సొసైటీ డబ్బు మీద ఆయనకున్న ఈ జాగ్రత్త చూసి నాకు కళ్లు చెమర్చాయి.

అసలు శుభవార్త తర్వాత వచ్చింది. ఇప్పుడు వెయ్యి చదరపు అడుగుల ఫ్లాటున్న వాళ్లకు కొత్తది కట్టే బిల్డర్ 1,200 ఇస్తాడట, పైసా కట్టక్కర్లేదట. చప్పట్లు మోగాయి. పాత వెయ్యిలో మెట్లు, వరండా వాటా తీసేస్తే లోపల మనం తిరిగేది 850. కొత్త 1,200లో లిఫ్టులు, లాబీ, జిమ్, బయటి గోడలు కలిపి 30 శాతం పోతాయని బ్రోచర్ చివరి పేజీలో చీమ తలంత అక్షరాల్లో ఉంది. అంటే మిగిలేది 840. రెండొందలు పెరిగి పది తగ్గడమనే ఈ గణితం మా లెక్చరర్ గారికి కూడా కొత్తేనట. ఫ్లాట్ అమ్మేవాళ్లు కార్పెట్ ఏరియా, అంటే లోపల వాడుకునే జాగా ఎంతో చెప్పాలని 2016 నాటి రెరా చట్టం అంటుంది గానీ, ఇది అమ్మకం కాదు, ఆత్మీయ ఒప్పందమట.

భూమి సంగతి మాత్రం ప్రసంగంలో ఎక్కడా రాలేదు. మా స్థలం 1,200 గజాలు, ఇరవై ఫ్లాట్లు, తలా అరవై గజాల అవిభాజ్య వాటా. బిల్డర్‌తో సగం సగం అంటే అది ముప్పైకి దిగుతుంది. నిజానికి బిల్డర్ మా గుమ్మం దాకా వచ్చిందే ఈ గజాల కోసం, పెచ్చులూడిన పిల్లర్‌ను చూసి జాలిపడి కాదు.

రెండో అంతస్తు అక్క ఒకామె లేచి, రెండేళ్లు కిరాయి ఇస్తా అన్నరు, పని నడుమ ఆగితే ఎట్ల సార్, బ్యాంకు గ్యారంటీ రాయిస్తరా అంది. "నేను లేనా అమ్మా" అన్నారు అధ్యక్షుల వారు. ఏ బ్యాంకూ ఇంత తొందరగా గ్యారంటీ ఇవ్వలేదు.

అంతలో మిర్చి బజ్జీలు వచ్చాయి, వాటితోపాటు సంతకాల కాగితం కూడా. హాజరు కోసమే అన్నారు. పై భాగం ఖాళీగా ఉందేంటని అడిగితే, తీర్మానం తర్వాత తీరిగ్గా రాసుకుంటామన్నారు.