చెప్పుకున్న కథే నిజమైపోతుంది

నిశ్చితార్థానికీ పెళ్లికీ మధ్య రెండు మూడు నెలలు గడువు ఉందంటే, ఆ రోజుల్లో పెళ్లికూతురికి సలహాలకు కొదవ ఉండదు. పిన్ని ఒకటంటుంది, ఆఫీసులో స్నేహితురాలు ఇంకొకటంటుంది, అమ్మ ఏమీ అనకుండానే ముఖంలో చూపిస్తుంది. అందరి మాటలూ విని విని మనసు మారిపోతుందని మనం అనుకుంటాం. నా ఉద్దేశంలో మన అంచనా అంతకుముందే, వాళ్లకు విషయం చెప్పుకునే దగ్గరే, పక్కదారి పట్టడం మొదలవుతుంది.

హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకునే ఒక అమ్మాయిని ఊహించుకుందాం. పెద్దలు కుదిర్చిన సంబంధం. పట్టుచీర కొనడానికి కాబోయే భర్తతో షాపుకు వెళ్లింది. రెండు చీరల దగ్గర ఆగిపోయారు. అతను "నీకేది నచ్చింది?" అని అడిగాడు. ఆమె ఆకుపచ్చది చూపించింది. "బాగుంది, అమ్మకి కూడా ఒకసారి చూపిస్తాను" అని వీడియో కాల్ చేశాడు. ఆవిడకు ఎరుపు నచ్చింది. కాసేపు తర్జనభర్జన పడి చివరికి ఆకుపచ్చదే కొన్నారు. అయినా ఆ కాల్ దగ్గర ఆమె మనసు చివుక్కుమంది.

ఆ రాత్రి స్నేహితురాలికి ఫోన్ చేసింది. అత్తగారి జోక్యం వల్ల కాపురం చెడిపోయి విడాకులు తీసుకున్న మనిషి ఆ స్నేహితురాలు. అది మనసులో ఉండటం వల్ల మన అమ్మాయి కథ చెప్పిన తీరే మారింది. అతను ముందు తననే అడిగాడన్న మాట జారిపోయింది. చివరికి తనకు నచ్చిన చీరే కొన్నారన్న సంగతి ఒక్క ముక్కలో ముగిసిపోయింది. వీడియో కాల్ మాత్రం వివరంగా వచ్చింది. "అమ్మకూచిలా ఉన్నాడే, జాగ్రత్త" అంది స్నేహితురాలు. మర్నాడు అదే సంగతి, ఈ సంబంధం తెచ్చిన పిన్నికి చెప్పింది. అక్కడ చివుక్కుమన్న సంగతి ఎగిరిపోయింది. "వాళ్లమ్మగారిని కూడా కలుపుకుని కొన్నాం పిన్నీ" అంది. "మంచి పిల్లాడమ్మా, పెద్దలంటే గౌరవం" అంది పిన్ని.

ఆమె ఇద్దరిలో ఎవరికీ అబద్ధం చెప్పలేదు. వినేవాళ్ల మనసెరిగి మాట్లాడటం మనందరికీ అలవాటే. చిక్కు ఏమిటంటే, అలా మార్చి చెప్పిన మాట మన జ్ఞాపకంలోకే తిరిగి వస్తుంది. దీన్ని సైకాలజిస్టు టోరీ హిగిన్స్, మరో పరిశోధకుడు రోల్స్‌తో కలిసి 1978లో ప్రచురించిన ప్రయోగంలో పరీక్షించారు. ఒక వ్యక్తి గురించి ఎలాగైనా అర్థం చేసుకోదగిన వివరాలను కొందరికి ఇచ్చారు. అతనంటే ఇష్టమున్న మనిషి కోసం కొందరిని, ఇష్టం లేని మనిషి కోసం మరికొందరిని వర్ణన రాయమన్నారు. వినేవాళ్లకు తగ్గట్టు రాయడం అనుకున్నదే. ఆ తర్వాత రాసినవాళ్ల సొంత జ్ఞాపకం, సొంత అభిప్రాయం కూడా తాము రాసినవైపే ఒరిగాయి. అవతలి మనిషి ఇష్టాయిష్టాలు తెలిసినా, ఏమీ రాయనివాళ్లలో ఈ మార్పు రాలేదు. అంటే వాళ్లను మార్చింది తమ చేత్తో తాము రాసిన వర్ణన.

ఇప్పుడు మన అమ్మాయి దగ్గరకు వద్దాం. పిన్నితో మాట్లాడేది ఎప్పుడో ఒకసారి. స్నేహితురాలితో రోజూ మాట్లాడుతుంది. కాబట్టి స్నేహితురాలికి చెప్పిన కథే గట్టిపడుతుంది. ఫంక్షన్ హాల్ అడ్వాన్స్ గురించి అతను "ఇంట్లో అడిగి చెప్తాను" అంటే, డబ్బు పెట్టేది వాళ్ల నాన్నగారు కాబట్టి అడగడం సహజమేనన్న ఆలోచన రాదు. "చూశావా, మళ్లీ" అనిపిస్తుంది. అతను తనంతట తాను తీసుకున్న నిర్ణయాలు కథలో ఇమడవు కాబట్టి గుర్తుండవు.

దీనికి తోడు మరో ఇబ్బంది. "అసలు అతనిలో ఏం నచ్చింది?" అని అడిగితే మనం నోటితో చెప్పగలిగిన కారణాలే చెబుతాం: ఉద్యోగం, కుటుంబం, మాట తీరు. అతని పక్కన ఉన్నప్పుడు టెన్షన్ లేకుండా ఉండగలగడం లాంటివి మాటల్లోకి రావు, వచ్చినా పిన్ని ముందు చెప్పుకోలేం. అమెరికాలో తిమోతీ విల్సన్ బృందం 1984లో ప్రచురించిన ప్రయోగంలో, ప్రేమలో ఉన్న జంటలను తమ బంధం ఎందుకలా ఉందో కారణాలు విశ్లేషించమన్నారు. అలా విశ్లేషించినవాళ్లు బంధం గురించి చెప్పిన అభిప్రాయానికీ, కొన్ని నెలల తర్వాత కలిసున్నారా లేదా అన్నదానికీ పొంతన కుదరలేదు. కారణాలు వెతకకుండా చెప్పినవాళ్ల అభిప్రాయానికే కుదిరింది. మన ఇళ్లలో పెళ్లికి ముందు నెలల తరబడి జరిగేది ఇలాంటి సంజాయిషీయే.

అలాగని బయటివాళ్ల మాటకు విలువ లేదనడం తప్పు. టారా మెక్‌డొనాల్డ్, మైకేల్ రాస్ 1999లో ప్రచురించిన అధ్యయనంలో, ప్రేమలో ఉన్న విద్యార్థులను, వాళ్ల తల్లిదండ్రులను, రూమ్మేట్లను ఆ బంధం ఎంతకాలం నిలుస్తుందని అడిగారు. విద్యార్థులు ఎక్కువ ఆశతో, ఎక్కువ నమ్మకంతో చెప్పారు, కానీ పెద్దలూ రూమ్మేట్లూ చెప్పిందే నిజానికి దగ్గరగా ఉంది. అయితే బంధం ఎంత బాగుందని అడిగినప్పుడు విద్యార్థులు ఇచ్చిన అంచనా, నిలుస్తుందా లేదా అన్నదాన్ని బయటివాళ్ల అంచనా కంటే మెరుగ్గా పట్టిచ్చింది. లోపల ఎలా ఉందో లోపలివాళ్లకే తెలుసు, కాకపోతే దాన్నిబట్టి రేపటి లెక్క వేయడంలో ఆశ అడ్డొస్తుంది.

అందుకే సలహా ఇచ్చేవాళ్లను తీర్పు కాకుండా సాక్ష్యం అడగాలంటాను. "నువ్వు కళ్లారా చూసిందేమిటి? నేను చెప్పింది పక్కన పెట్టి చెప్పు." స్నేహితురాలు అతన్ని ఒక్కసారి కూడా కలవకపోతే, ఆమె ఇచ్చే అభిప్రాయం మనం చెప్పిన కథకు ప్రతిధ్వనే. సంబంధం తెచ్చిన పిన్నికి తన మాట పోతుందన్న భయం ఉంటుంది. అడ్వాన్సులు కట్టి శుభలేఖలు పంచాక నాన్నగారికీ వెనక్కి వెళ్లడం కష్టమే. వాళ్లు చెడ్డవాళ్లని కాదు, ఎవరి మాట వెనక ఏ బరువుందో చూసి వినాలి.

మన అంచనా వంగిపోయిందని తెలుసుకోవడానికి నేను నమ్మే గుర్తులు రెండు. అతన్ని తలుచుకోగానే వచ్చే మాట మనది కాక ఇంకొకరు అంటించినదై ఉండటం ఒకటి. చివరగా ఎవరితో మాట్లాడామన్నదాన్ని బట్టి మన నిర్ణయం మారుతూ ఉండటం రెండోది. ఏదైనా జరిగిన రోజు, ఎవరికీ ఫోన్ చేయకముందే జరిగింది జరిగినట్టు నాలుగు వాక్యాలు రాసి పెట్టుకుంటే, నెల తర్వాత మనం చెబుతున్న కథ ఎంత దూరం జరిగిందో కనిపిస్తుంది.

ఒక్క చోట మాత్రం ఇదంతా పక్కన పెట్టాలి. చెయ్యి చేసుకోవడం, కట్నం కోసం ఒత్తిడి, ఫోన్ లాక్కోవడం, "మీవాళ్లతో మాట్లాడకు" అనడం లాంటివి ఉంటే పదిమందికీ చెప్పాలి, వాళ్లు కంగారుపడితే వినాలి. అలాంటి చోట వంకర అంచనా లోపలే ఉంటుంది, బయటి చూపే కాపాడుతుంది. 181 మహిళా హెల్ప్‌లైన్ కూడా ఉంది.

చీర షాపు సంగతి ఆ కోవలోకి రాదు. అక్కడ తేల్చుకోవాల్సింది ఒకటే: అమ్మ ఒకటంటే, భార్య ఇంకొకటంటే అతను ఏం చేస్తాడు? ఆ రోజు అమ్మ ఎరుపన్నా ఆకుపచ్చ చీరే ఎందుకు తీసుకున్నాడో అతనికి తెలుసు. పెళ్లయ్యాక ఎక్కడ ఉండాలి, జీతాల లెక్క ఎవరు చూడాలి అన్నవి కూడా అతనే చెప్పగలడు. ఇన్ని ఫోన్ కాల్స్‌లో ఆమె ఇంకా అతనికే చేయలేదు.