సున్నా వడ్డీకి రూ.463

దసరా, దీపావళి అమ్మకాల్లో ఆన్‌లైన్ దుకాణం తెరిస్తే వస్తువు ధర కన్నా ముందు కనిపించేది ‘నో కాస్ట్ ఈఎంఐ’. 30 వేల రూపాయల ఫోన్, నెలకు 5 వేల చొప్పున ఆరు నెలలు. ఆరైదుల ముప్పై, లెక్క సరిపోయింది కదా అని కొనేవారు క్రెడిట్ కార్డు నంబరు కొట్టేస్తారు. వచ్చే నెల బిల్లులో మాత్రం 5 వేలకు బదులు దాదాపు 5,300 ఉంటుంది.

బ్యాంకు ఎవరికీ ఊరికే అప్పివ్వదు. ఈ ఫోన్ మీద కూడా వడ్డీ వేస్తుంది. అది ఏడాదికి 15 శాతం అనుకుందాం. ఆరు నెలల్లో వడ్డీతో కలిపి సరిగ్గా 30 వేలు తీరాలంటే అసలు 28,730 రూపాయలే ఉండాలి. మిగిలిన 1,270 వడ్డీ. అందుకే అమ్మేవారు ఆ 1,270 రూపాయలను ముందుగానే ధరలో తగ్గిస్తారు. చెల్లింపు పేజీలో చిన్న అక్షరాల్లో కనిపించే వడ్డీ డిస్కౌంటు ఇదే. కొన్నవారు కట్టేది వడ్డీయే. దానికి సరిపడా తగ్గింపు ముందే ఇచ్చారు కాబట్టి సున్నా అంటున్నారు.

ఈ సర్దుబాటు ప్రభుత్వ పన్నుకు వర్తించదు. కార్డు అప్పు మీద వడ్డీకి 18 శాతం జీఎస్టీ ఉంది. 1,270 మీద అది 229 రూపాయలు. నెలనెలా బిల్లులో ముందు 65, తర్వాత 54, ఆపైన 44, ఇలా తగ్గుతూ విడిగా పడుతుంది. ప్రాసెసింగ్ ఫీజు 199 అయితే దాని మీదా జీఎస్టీ కలిసి 235. రెండూ కలిపితే సుమారు 463 రూపాయలు. చేతిలో డబ్బు లేక, ఫోన్ తప్పనిసరైన కుటుంబానికి ఇది మోయలేని భారమేమీ కాదు. ఇంతటితో ఆగితే మేమూ ఇంత గట్టిగా రాయనక్కర్లేదు.

అసలు నష్టం వదులుకున్న తగ్గింపులో ఉంది. అదే ఫోన్‌కు, అదే కార్డుతో డబ్బంతా ఒకేసారి కడితే 2 వేలు తగ్గిస్తామని పక్కనే మరో ఆఫర్ ఉందనుకోండి. చాలాచోట్ల వాయిదాలు ఎంచుకున్న మరుక్షణం ఆ ఆఫర్ ఎగిరిపోతుంది. అంటే ఫోన్ నిజమైన ధర 28 వేలు. వాయిదాల్లో కట్టేది 30,463. తేడా 2,463 రూపాయలు. ఇది ఆరు నెలల పాటు 28 వేలు వాడుకున్నందుకు కట్టినది కూడా కాదు. ప్రతి నెలా అసలు కొంత తీరిపోతూనే ఉంటుంది. ఆ లెక్కన చూస్తే వడ్డీ ఏడాదికి దాదాపు 30 శాతం. మన ఊళ్లలో నూటికి రెండున్నర రూపాయల వడ్డీ అంటే ఇదే. ఆ మాట నోటితో చెప్పి అప్పిస్తానంటే ఫోన్ కోసం ఎందరు తీసుకుంటారు?

వస్తువు నచ్చక తిప్పి పంపితే మరో చిక్కు. దుకాణం వెనక్కి ఇచ్చేది తాను తీసుకున్న 28,730 మాత్రమే. ప్రాసెసింగ్ ఫీజు సాధారణంగా తిరిగి రాదు. బ్యాంకుకు ఫోన్ చేసి ఈఎంఐ రద్దు చేయించకపోతే వాయిదాలు బిల్లులో పడుతూనే ఉండే ప్రమాదం ఉంది. మధ్యలో అప్పు తీర్చేద్దామన్నా చాలా బ్యాంకులు దానికో రుసుము వేస్తాయి.

రిజర్వు బ్యాంకుకు ఇది తెలియనిది కాదు. సున్నా వడ్డీ అనేదే లేదని, ఇలాంటి పథకాలు అమాయక ఖాతాదారులను ఆకర్షించడానికేనని 2013 సెప్టెంబరులోనే బ్యాంకులకు చెప్పింది. క్రెడిట్ కార్డులపై 2022లో ఇచ్చిన ఆదేశాలు ఇంకా సూటిగా ఉన్నాయి. ఈఎంఐగా మార్చేముందే అసలెంత, వడ్డీ ఎంత, ఇచ్చిన తగ్గింపు ఎంత అన్నది విడివిడిగా చూపాలి. బిల్లులోనూ చూపాలి. వడ్డీ ఉన్న ఈఎంఐని వడ్డీ లేనిదిగా కనిపించేలా చేయకూడదు. ఈ ఆదేశాలు వచ్చాక కూడా తెర మీద పెద్ద అక్షరాలు ‘నో కాస్ట్’కే. వివరాలు మాత్రం మరో లింకు నొక్కితే తప్ప కనిపించవు.

వివరాలు ఎక్కడో ఓ మూల ఉంటే ఆదేశాన్ని పాటించినట్టు లెక్క కట్టడం సరికాదు. ఈఎంఐ బొత్తం పక్కనే రెండు అంకెలు, ఒకే సైజు అక్షరాల్లో ఉండాలి: ఒకేసారి కడితే అన్ని తగ్గింపులూ పోను ఎంత, వాయిదాల్లో కడితే ఫీజు, జీఎస్టీ కలుపుకొని చివరి వాయిదా వరకు ఎంత. మన ఉదాహరణలో 28,000, 30,463. ఈ రెండూ చూపని పేజీలో ‘నో కాస్ట్’ అన్న మాట వాడనివ్వకూడదు. రిజర్వు బ్యాంకు బ్యాంకులకు, కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఆన్‌లైన్ దుకాణాలకు వచ్చే పండగ అమ్మకాలు మొదలయ్యేలోపే ఈ ఆదేశం ఇవ్వాలి. అంతవరకు కొనేవారు ఈఎంఐ ఎంచుకునే ముందు ఒక్కసారి పూర్తి చెల్లింపు నొక్కి, ఆఖరున ఎంత చూపిస్తోందో కాగితం మీద రాసుకోవాలి.