సిరామిక్ కుళాయికీ రబ్బరు ఉంటుంది
“సిరామిక్ డిస్క్ కుళాయిలో వాషర్ ఉండదు, కాబట్టి కారదు.” ఈ మాట ఒప్పుకోలేను. పాత కుళాయిలో రబ్బరు వాషర్ సీటు మీద నొక్కుకుని నీళ్లు ఆపుతుంది, అందుకే అరిగితే కారుతుంది. కొత్తదాంట్లో ఒక సిరామిక్ బిళ్ల ఇంకోదాని మీద తిరిగి రంధ్రాన్ని మూసేస్తుంది, నిజమే. కానీ ఆ బిళ్లలు అమర్చి ఉండే కార్ట్రిడ్జ్ అడుగున రబ్బరు సీల్ ఉంటుంది. బెంగళూరులో మాది బోరు నీళ్లు. రెండేళ్లకే సింక్ కుళాయి కారింది, ప్లంబర్ మొత్తం మార్చాలన్నాడు. యాంగిల్ కాక్ కట్టేసి విప్పి చూస్తే బిళ్లల మీద గీత కూడా లేదు. మధ్యలో ఇసుక రేణువు, సీల్ మీద గట్టిపడిన తెల్లటి పొర ఉన్నాయి. బిళ్లలు వెనిగర్‌లో గంట నానబెట్టి కడిగి, సీల్ కొత్తది వేసి, బిగించే ముందు పైపులో నీళ్లు కాసేపు వదిలాను. కారడం ఆగిపోయింది. బిళ్లకు గీత పడితే మాత్రం కార్ట్రిడ్జ్ మార్చాల్సిందే, కొలత కోసం పాతది షాపుకి తీసుకెళ్లండి.