పేరు చెరిపిన స్కాన్ అంతా ఫేక్ కాదు

హనుమకొండ, కాజీపేట కాలనీల వాట్సాప్ గ్రూపుల్లో ‘ఆపరేషన్‌కు సాయం చేయండి’ అనే విన్నపం వెంట ఒక స్కాన్ ఫొటో రావడం, ‘పేషెంటు పేరేది, ఇది ఫేక్’ అని ఎవరో వెంటనే తేల్చేయడం మామూలైపోయింది. ఈ తీర్పు తలకిందులుగా ఉంది. పేరు, ఐడీ నంబరు తీసేయకుండా ఒకరి స్కాన్‌ను పదిమందిలో పెట్టడమే అసలు తప్పు. అనుమానించవలసింది పేరుతో పాటు మిగతా గుర్తులు కూడా మాయమైనప్పుడు, లేదా పేరు మరీ స్పష్టంగా మెరుస్తున్నప్పుడు.

తలకు తీసిన సీటీ స్కాన్‌నే చూద్దాం. మెషీన్‌ను బట్టి చోటు మారినా, బొమ్మ మూలల్లో సాధారణంగా పేరు, వయసు, ఐడీ, సెంటరు పేరు, తేదీ, తలను అడ్డంగా కోసినట్టు చూపే పొరల్లో, అంటే స్లైసుల్లో, అది ఎన్నోది, దాని మందం ఎంత అన్న వివరాలు, అంచుల్లో కుడి, ఎడమలను తెలిపే R, L అక్షరాలు, సెంటీమీటర్ల స్కేలు ఉంటాయి. గోప్యత కోసం చెరిపేవారు పేరు, ఐడీ చెరిపి ఊరుకుంటారు. స్కేలు వల్ల ఎవరి గుట్టూ బయటపడదు గనుక దాని జోలికి పోరు. నాలుగు వైపులా కత్తిరించి పుర్రెను మాత్రమే మిగిల్చిన బొమ్మలో గడ్డ ఎంత పెద్దదో చెప్పలేము, ఏ వైపున ఉందో కూడా చెప్పలేము. సీటీ బొమ్మలో రోగి కుడివైపు మనకు ఎడమన కనిపించడం పద్ధతే. అది చూసి తిప్పేశారని అనుకోకూడదు. కానీ మెదడు రెండు వైపులా దాదాపు ఒకేలా ఉంటుంది కాబట్టి, R, L పోయాక బొమ్మను ఫోన్‌లో అద్దంలా తిప్పేస్తే పట్టుకోవడం చాలా కష్టం. ఛాతీ ఎక్స్‌రేలో అయితే, గుండె కుడివైపున ఉండే అరుదైన వారిని మినహాయిస్తే, గుండె మొన వాలిన వైపు, ఎడమ డయాఫ్రమ్ కింద కనిపించే కడుపులోని గాలి బుడగ నిజం చెప్పేస్తాయి.

ఇక పేరు మార్చిన సంగతి. జేపెగ్ ఫొటో బొమ్మను ఎనిమిదేసి పిక్సెళ్ల చిన్న గళ్లుగా విడగొట్టి కుదిస్తుంది. ఆ కుదింపులో తెల్లటి అక్షరాల చుట్టూ నల్లటి నేల మీద సన్నని దుమ్ములాంటి మచ్చలు మిగులుతాయి. మామూలుగా చూస్తే అంతా నలుపే. ఫోన్ గ్యాలరీలో ఎడిట్ తెరిచి, బ్రైట్‌నెస్‌నూ షాడోస్‌నూ చివరికంటా జరిపితే ఆ దుమ్ము తేలుతుంది. తేదీ చుట్టూ దుమ్ము ఉండి, పేరు మాత్రం శుభ్రమైన నల్లటి పెట్టెలో పదునైన అంచులతో నిలబడితే, ఆ పేరు తర్వాత రాసిందే. ఇప్పుడున్న పేరు దాటి మరో నాలుగు అక్షరాల మేర దుమ్ము సాగితే, అక్కడ అంతకు ముందు పొడవాటి పేరు ఉండి ఉండవచ్చు. పెట్టె మాత్రమే ఉండి పైన రాత లేకపోతే అది కప్పడమే, మార్చడం కాదు. అయితే వాట్సాప్ ఫొటోను మళ్లీ కుదించి పంపుతుంది. నాలుగు చేతులు మారేసరికి దుమ్ము అంతటా పరుచుకుంటుంది. అప్పుడు ‘చెప్పలేము’ అన్నదే నిజాయితీ గల జవాబు. అన్నట్టు, ఒకే స్లైస్ ఒక ఫొటోలో మెదడు మడతలతో, ఇంకో ఫొటోలో ఎముక తప్ప అంతా బూడిద రంగుగా కనిపిస్తే కంగారు పడనక్కరలేదు. అది విండో సెట్టింగులో, అంటే ఏ సాంద్రతల మధ్య తేడాను నలుపు తెలుపుల్లో చూపాలన్న ఎంపికలో, తేడా మాత్రమే.

పేరు లేని బొమ్మను ఎవరైనా ఇంటర్నెట్ నుంచి ఎత్తుకొచ్చి చందాలు వసూలు చేయవచ్చు కదా అనేవారున్నారు. చేయవచ్చు. కానీ అంత పని చేసేవాడికి పేరు అతికించడం రెండు నిమిషాల పని; అలాంటప్పుడు పేరు చూసి నమ్మడం వాడికి దారి చూపించడమే అవుతుంది.

అందుకే నేను అడిగేది ఫొటో కాదు, అసలు ఫైళ్లు. డైకామ్ అనే ఆ ఫైళ్లలో ఒక్క బొమ్మ కాదు, వరుస స్లైసులన్నీ ఉంటాయి. మెదడులో రక్తస్రావం నిజమైతే, సన్నని స్లైసుల్లో అది ఒకదానిలో చిన్నగా మొదలై, తర్వాతి వాటిలో పెరిగి, ఆపై తగ్గి మాయమవుతుంది. ఒక్క ఫొటోలో తెల్లటి మచ్చ అద్దడం తేలిక, ఆ వరుసంతా అబద్ధం చెప్పించడం అంత తేలిక కాదు. పైగా పేరును పద్ధతి ప్రకారం తీసేస్తే, ఆ సంగతిని నమోదు చేయడానికి ఫైలులోనే ఒక చోటు ఉంది: `(0012,0062) Patient Identity Removed`, దాని ఎదురుగా `YES`. ఫైలులో ఇలాంటి వివరాలుండే హెడర్ భాగాన్ని కూడా మార్చగలవారున్నారు కాబట్టి చివరి మాట స్కాన్ తీసిన సెంటరు రికార్డుదే.

కానీ మన జిల్లాల్లో చాలామంది రోగులు ఇంటికి తీసుకెళ్లేది పెద్ద కవరులో ఫిల్మ్, ఒక రిపోర్టు కాగితం. ఆ ఫిల్మ్‌ను ట్యూబ్‌లైట్‌కు అడ్డంగా పట్టుకుని తీసిన ఫొటోయే గ్రూపుల్లో తిరుగుతుంది; మెరుపులూ నీడలూ పడిన ఆ ఫొటోలో నేను చెప్పిన పరీక్షలేవీ సరిగా నిలవవు. స్కాన్‌కు డబ్బు కట్టిన మనిషికి అడగకుండానే సీడీగానో లింకుగానో అసలు ఫైళ్లు ఇవ్వడం సెంటర్ల బాధ్యత కావాలి. అది జరిగే దాకా కౌంటరు దగ్గర బిల్లు కట్టేటప్పుడే సీడీ అడిగి తీసుకోవాలి. సాయం కోరేటప్పుడు దాతలు నమ్మిన ఒక డాక్టరుకు ఆ ఫైళ్లు పంపితే చాలు, గ్రూపులో స్కాన్ ఫొటో పెట్టే అవసరమే ఉండదు.