సవరణ: నత్రజనిని తీసేది మొక్కలు కాదు

"గులకరాళ్ల మడిలో జమ్ము, మెట్టతామర నాటితే చాలు, వాడిన నీళ్లలో నత్రజని అంతా అవే లాగేస్తాయి."

ఇంట్లో వాడిన నీళ్లను శుద్ధి చేసే మొక్కల మడి గురించి నా పాత పోస్టులో రాసిన ఈ మాట తప్పు. ఇంజనీర్లు వాడే డిజైన్ మాన్యువల్స్ ప్రకారం ఇళ్ల మురుగులో మొక్కలు తీసుకునేది కొద్ది వాటాయే. అదీ కోసి బయట పారేస్తేనే పోయినట్టు. మడిలోనే కుళ్లితే తిరిగి నీళ్లలో కలుస్తుంది.

అసలు పని బ్యాక్టీరియాది. అమ్మోనియా ముందు నైట్రేట్‌గా మారాలి, దానికి గాలి కావాలి. తర్వాత గాలి లేని చోట, కాస్త సేంద్రియ పదార్థం ఉంటే, నైట్రేట్ నత్రజని వాయువై పోతుంది. నీళ్లు అడ్డంగా పారే మడి ఎప్పుడూ నీళ్లతో నిండే ఉంటుంది కనుక గాలి అందక మొదటి మెట్టు సరిగా జరగదు. అందుకే సెప్టిక్ ట్యాంక్ తర్వాత ముందు నిలువు మడి పెట్టాలి. నీళ్లు పైనుంచి విడతలుగా వదిలితే, దిగిపోయేటప్పుడు గాలిని లోపలికి లాగుతాయి. ఐదుగురున్న ఇంట్లో రోజుకి 500 లీటర్లనుకుంటే సుమారు 10 చదరపు మీటర్ల మడి, రోజుకి నాలుగైదు విడతలు. ఆ తర్వాతే అడ్డ మడి.

మన డెల్టాలో అసలు చిక్కు ఇక్కడే. వానాకాలంలో బోదె నిండి అవుట్‌లెట్ పైపు మునిగితే నిలువు మడి ఖాళీ అవ్వదు, గాలి ఆడదు. బయటికొచ్చే నీళ్లు నల్లబడి కుళ్లిన గుడ్డు వాసనొస్తే అదే గుర్తు. కాబట్టి మడిని నేలలో తవ్వకండి, గట్టు మీద కట్టి, పైపును బోదెలో వరద మట్టానికి పైన పెట్టండి.